అబ్‌స్ట్రాక్ట్‌లో పరిమితి కనబడకపోతే ఆ గడిలో ఏం రాయాలి?

స్రవంతి

అందరికీ నమస్కారం. నేను బీఏ సైకాలజీ రెండో సంవత్సరం. మాకో అసైన్‌మెంట్ ఇచ్చారు. ఒక పరిశోధనా పత్రం అబ్‌స్ట్రాక్ట్ చదివి లక్ష్యం, పద్ధతి, ఫలితం, పరిమితి అనే నాలుగు గడులు నింపాలి. ఒక్కో గడిలో రెండు మూడు వాక్యాలు మించకూడదు. పత్రం మొత్తం చదవక్కర్లేదు, అబ్‌స్ట్రాక్ట్ చాలన్నారు.

నాకు వచ్చింది 2014లో సైకలాజికల్ సైన్స్ పత్రికలో అచ్చయిన మ్యుల్లర్, ఒపెన్‌హైమర్‌ల పత్రం. కీబోర్డు కంటే కలమే బలమైనదని దాని శీర్షిక. అబ్‌స్ట్రాక్ట్ ఆరే వాక్యాలు. నాకు అర్థమైనట్టు తెలుగులో పెడుతున్నాను.

1. చేత్తో కాకుండా ల్యాప్‌టాప్‌లో నోట్సు రాసుకోవడం రోజురోజుకీ పెరుగుతోంది.
2. నేర్చుకోవడానికి ల్యాప్‌టాప్ నోట్సు అంతగా పనికిరాదని చాలామంది పరిశోధకులు ఇదివరకే అన్నారు.
3. కానీ ఆ అధ్యయనాలు ఎక్కువగా చూసింది ల్యాప్‌టాప్ ముందుంటే విద్యార్థుల ధ్యాస పక్కకు పోవడం, ఒకేసారి నాలుగు పనులు చేయడం గురించి.
4. ల్యాప్‌టాప్‌ను కేవలం నోట్సు కోసమే వాడినా, విషయం పైపైన మాత్రమే బుర్రకెక్కడం వల్ల చదువు దెబ్బతింటూ ఉండవచ్చని ఈ పరిశోధన సూచిస్తోంది.
5. మూడు అధ్యయనాల్లో, ల్యాప్‌టాప్‌లో నోట్సు రాసుకున్న విద్యార్థులు చేత్తో రాసుకున్నవాళ్ల కంటే భావనలకు సంబంధించిన ప్రశ్నల్లో వెనకబడ్డారని కనుగొన్నాం.
6. ఎక్కువ నోట్సు రాసుకోవడం మేలు చేయవచ్చు గానీ, విన్నదాన్ని సొంత మాటల్లోకి మార్చుకోకుండా ఉపన్యాసాలను ఉన్నదున్నట్టు ఎక్కించేసే ల్యాప్‌టాప్ వాడకందారుల అలవాటు నేర్చుకోవడానికి చేటని చూపిస్తున్నాం.

నేను నింపింది ఇదీ:

లక్ష్యం: ల్యాప్‌టాప్ నోట్సు పెరుగుతోంది కాబట్టి దాని గురించి తెలుసుకోవడం.
పద్ధతి: మూడు అధ్యయనాలు చేశారు.
ఫలితం: ల్యాప్‌టాప్ వాడితే చదువు దెబ్బతింటుంది.
పరిమితి: ???

పరిమితి అనే మాటే అబ్‌స్ట్రాక్ట్‌లో ఎక్కడా లేదు. ఎల్లుండే సబ్మిట్ చేయాలి, టెన్షన్‌గా ఉంది. ఆ గడి ఖాళీగా వదిలేయొచ్చా?

కిరణ్

నేను ఫైనల్ ఇయర్. మా బ్యాచ్‌కీ ఇదే ఇచ్చారు. ఒక లెక్క చెప్తా, దాదాపు అన్నిటికీ పనిచేస్తుంది. మొదటి వాక్యం లక్ష్యం, మధ్యలోవి పద్ధతి, చివరి వాక్యం ఫలితం. పరిమితికి "శాంపిల్ సైజు చిన్నది, భవిష్యత్తులో మరిన్ని పరిశోధనలు జరగాలి" అని రాసేయ్. ఏ పత్రానికైనా సరిపోతుంది, మార్కులు కూడా పోవు.

రమణమూర్తి

మంచి చర్చ మొదలుపెట్టావమ్మా. నా ఓటు కలానికే. చేత్తో రాస్తే వచ్చే పట్టు టైపింగ్‌లో రాదు. మా అబ్బాయికి ఈ మాట చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. ఇప్పుడు పరిశోధనే రుజువు చేసింది కాబట్టి ఈ లింకు వాడికి పంపిస్తున్నాను. నువ్వు కూడా ల్యాప్‌టాప్ పక్కన పెట్టి నోట్‌బుక్కు కొనుక్కో.

ఫణి

మాది లైఫ్ సైన్సెస్. మేం చదివే వైద్య పత్రికల్లో ఈ బాధ లేదు. అబ్‌స్ట్రాక్ట్ లోపలే నేపథ్యం, లక్ష్యం, పద్ధతులు, ఫలితాలు, ముగింపు అని శీర్షికలు వేసి ఇస్తారు. ఏ ముక్క ఏ గడిలోకి వెళ్లాలో వాళ్లే చెప్పేస్తారు. స్రవంతి గారూ, అలాంటి పత్రం మార్చుకోవడానికి ఒప్పుకుంటారేమో మీ లెక్చరర్‌ను అడగండి.

పద్మజ

స్రవంతీ, నేను డిగ్రీ విద్యార్థులకు పరిశోధన పద్ధతులు చెప్తాను. పత్రం మార్చుకోవద్దు. నేర్చుకోవడానికి ఇదే మంచి పత్రం, ఎందుకంటే ఇందులో శీర్షికలు లేవు. నాలుగు విషయాలూ వాక్యాల్లో కలిసిపోయి ఉన్నాయి.

కిరణ్ చెప్పిన లెక్క సగం వరకు ఒప్పే. అబ్‌స్ట్రాక్ట్‌లు సాధారణంగా నేపథ్యంతో మొదలై ముగింపుతో ఆగుతాయి. అయితే నేపథ్యం వేరు, లక్ష్యం వేరు. "ల్యాప్‌టాప్ నోట్సు పెరుగుతోంది" అనే మాట ఈ పరిశోధన జరగకపోయినా నిజమే. వీళ్లు ఏం తెలుసుకోవాలనుకున్నారో అది చెప్పదు. కాబట్టి దాన్ని లక్ష్యం గడిలో పెట్టకూడదు.

నేనైతే అబ్‌స్ట్రాక్ట్‌ను పైనుంచి కిందికి చదవమని చెప్పను. ముందు "కనుగొన్నాం" అనే మాట ఎక్కడుందో వెతుకు. ఇక్కడ ఐదో వాక్యంలో ఉంది. ఆ వాక్యాన్ని పట్టుకుని మూడు ప్రశ్నలు వెయ్యి: ఎవరిని ఎవరితో పోల్చారు, దేంట్లో పోల్చారు, తేడా ఎటు వచ్చింది? ల్యాప్‌టాప్ వాళ్లను చేతిరాత వాళ్లతో పోల్చారు. భావనలకు సంబంధించిన ప్రశ్నల్లో పోల్చారు. ల్యాప్‌టాప్ వాళ్లు వెనకబడ్డారు. నీ ఫలితం గడి దీంతో నిండిపోయింది.

ఇప్పుడు నువ్వు రాసింది పక్కన పెట్టి చూడు. "ల్యాప్‌టాప్ వాడితే చదువు దెబ్బతింటుంది" అన్నావు. పోల్చింది ఎవరితోనో పోయింది. కొలిచింది ఒక రకం ప్రశ్నల్లో మార్కులైతే అది "చదువు" అయి కూర్చుంది. రచయితలు కూడా నాలుగో వాక్యంలో "దెబ్బతింటూ ఉండవచ్చు" అనే అన్నారు, నువ్వు "దెబ్బతింటుంది" అని ఖాయం చేశావు. మా క్లాసులో ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే.

లక్ష్యం కోసం ఐదో వాక్యం నుంచి వెనక్కి నడువు. మూడో వాక్యంలో ఇంతకుముందు వాళ్లు ఏం చూశారో ఉంది: ధ్యాస పక్కకు పోవడం. అంటే ధ్యాస పోని పరిస్థితి ఎలా ఉంటుందో సరిగా తెలియదు. ఆ వెలితి ఏమిటో తెలిస్తే లక్ష్యం తెలిసినట్టే. నాలుగో వాక్యం దాన్నే తాకుతుంది, కాకపోతే ప్రశ్నగా అడగకుండా నేరుగా జవాబుగా చెప్పేసింది. జవాబును మళ్లీ ప్రశ్నగా తిప్పి రాసుకుంటే నీ లక్ష్యం వస్తుంది: ల్యాప్‌టాప్‌ను నోట్సుకు మాత్రమే వాడినప్పుడు కూడా, చేతిరాతతో పోలిస్తే నేర్చుకోవడం తగ్గుతుందా? తగ్గితే ఎందుకు?

స్రవంతి

మేడమ్, థాంక్యూ. జవాబును ప్రశ్నగా తిప్పడం బాగా అర్థమైంది. పద్ధతి గడిలో మాత్రం "మూడు అధ్యయనాలు" తప్ప ఏమీ దొరకట్లేదు. ఎంతమంది విద్యార్థులో లేదు. ఎంతసేపు క్లాసో లేదు. ప్రయోగమా, సర్వేనా అని కూడా రాయలేదు. ఊహించి రాయొచ్చా?

పద్మజ

ఊహించొద్దు. అబ్‌స్ట్రాక్ట్‌లో ఉన్నంతే రాయి. కాకపోతే ఉన్నది నువ్వనుకున్నంత తక్కువేం కాదు. మూడు అధ్యయనాలు, పాల్గొన్నది విద్యార్థులు, రెండు గుంపులు, ఆరో వాక్యంలో ఉపన్యాసాల మాట వచ్చింది, తర్వాత ప్రశ్నలు అడిగి కొలిచారు. ఒక వాక్యానికి ఇది బోలెడు. పద్ధతి అంతా ఒకే చోట ఉండదమ్మా, ఫలితం చెప్పే వాక్యాల్లో ఇరుక్కుని ఉంటుంది. అక్కడి నుంచి ఏరుకోవాలి.

ఆ మాటకొస్తే నీకు అక్కడ దొరకనివి ఏమిటో నువ్వే చెప్పావు: ఎంతమంది, ఎంతసేపు, ప్రయోగమా సర్వేనా. ఈ మూడూ ఒక కాగితం మీద రాసి పెట్టుకో. పరిమితి గడి దగ్గర పనికొస్తాయి.

రమణమూర్తి గారూ, మీరు అబ్బాయికి పంపే ముందు ఐదో వాక్యం ఇంకోసారి చూడండి. అక్కడ "భావనలకు సంబంధించిన ప్రశ్నల్లో" అనే షరతు ఉంది. అన్ని రకాల ప్రశ్నల్లో అనలేదు.

రమణమూర్తి

షరతు పెద్ద విషయమా పద్మజ గారూ? భావన అర్థమైతే మిగతావి వాటంతటవే వస్తాయి కదా.

ఇమ్రాన్

రమణమూర్తి గారూ, ఈ పత్రంలో ఆ షరతు చాలా పెద్ద విషయమే. నేను సైకాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను, ఈ పత్రం మొత్తం చదివాను.

మొదటి అధ్యయనంలో 67 మంది ప్రిన్స్‌టన్ విద్యార్థులు. పావుగంట కంటే కాస్త ఎక్కువ నిడివి ఉన్న టెడ్ ఉపన్యాసాల వీడియో చూస్తూ నోట్సు రాసుకున్నారు. ఆ ల్యాప్‌టాప్‌లకు ఇంటర్నెట్ లేదు. తర్వాత మధ్యలో వేరే పనులు చేయించి, సుమారు అరగంట గడిచాక ప్రశ్నలు అడిగారు. ప్రశ్నలు రెండు రకాలు. ఒకటి, ఫలానా సంఘటన ఎన్నేళ్ల క్రితం జరిగింది అన్నట్టు విషయం గుర్తుంటే చాలు అనే రకం. రెండోది, రెండు సమాజాలు ఒక విషయాన్ని ఎలా వేర్వేరుగా చూస్తాయి అన్నట్టు ఆలోచించి చెప్పాల్సిన రకం. మొదటి రకంలో రెండు గుంపులూ దాదాపు సమానంగానే చేశాయి. తేడా రెండో రకంలోనే వచ్చింది.

అబ్‌స్ట్రాక్ట్ ఈ సంగతి దాచిపెట్టిందని నేననను, షరతు రాశారు కదా. కానీ మొదటి రకం ప్రశ్నలూ అడిగారని, వాటిలో తేడా రాలేదని ఆ ఆరు వాక్యాల్లో ఎక్కడా లేదు. అందుకే అబ్‌స్ట్రాక్ట్‌లో "ఈ రకం ప్రశ్నల్లో", "ఈ వయసు వాళ్లలో" లాంటి విశేషణం కనబడితే నేను వెంటనే ఆగుతాను. మిగతా రకాల సంగతేమైంది అని అడుగుతాను. ఊరికే ఎవరూ ఆ మాట చేర్చరు.

కిరణ్

సరే, లక్ష్యం గురించి ఒప్పుకుంటున్నా. కానీ ఫలితం చివరి వాక్యంలో ఉంటుందని నేనన్నది తప్పెలా అవుతుంది? ఆరో వాక్యంలో "చూపిస్తున్నాం" అని స్పష్టంగా ఉంది కదా. ఉన్నదున్నట్టు ఎక్కించడం వల్లే వెనకబడ్డారని చూపించారు. అదీ ఫలితమే, ఐదో వాక్యం కంటే పెద్ద ఫలితం. మేడమ్ దాన్ని వదిలేశారు.

పద్మజ

కావాలనే ఆపాను కిరణ్, అడిగావు కాబట్టి చెప్తాను. ఈ అబ్‌స్ట్రాక్ట్‌లో అసలు కష్టమైన చోటు అదే.

ఐదో వాక్యానికీ ఆరో వాక్యానికీ బలం ఒకటి కాదు. ల్యాప్‌టాప్ ఎవరికి, కాగితం ఎవరికి అన్నది పరిశోధకులు నిర్ణయించి ఇచ్చారనుకో. అప్పుడు రెండు గుంపుల మార్కుల్లో తేడా వస్తే, దానికి కారణం చేతిలో ఉన్న సాధనమే అనడానికి వీలుంటుంది. ఇప్పుడు ఆరో వాక్యం చూడు. ఉన్నదున్నట్టు ఎక్కించడం అనేది పరిశోధకులు ఇచ్చింది కాదు. విద్యార్థులు వాళ్లంతట వాళ్లు చేసింది. పరిశోధకులు ఆ నోట్సు తీసుకుని ఉపన్యాసంలోని మాటలతో ఎంత కలుస్తోందో లెక్కగట్టారు. బాగా ఎక్కించినవాళ్లకు మార్కులు తక్కువ వచ్చాయని కనిపించింది. ఇది సంబంధం. "అందువల్లే తగ్గాయి" అనేది ఆ సంబంధానికి వాళ్లు ఇచ్చిన వివరణ. ఉపన్యాసం సరిగా అర్థం కానివాడు కూడా వేరే దారి లేక విన్నది విన్నట్టు ఎక్కించేస్తాడు కదా. అలాంటప్పుడు అర్థం కాకపోవడమే రెండిటికీ మూలం అయి ఉండవచ్చు.

"చూపిస్తున్నాం" అనే క్రియను చూసి మోసపోకు. క్రియ రచయిత ధీమా ఎంతో చెప్తుంది. వాళ్లు ఏది మార్చారు, ఏది కొలిచారు అన్నదే వాక్యం బలాన్ని చెప్తుంది. ఫలితం గడిలో ఐదో వాక్యాన్ని రాసి, దాని కింద "రచయితల వివరణ" అని పేరు పెట్టి ఆరో వాక్యాన్ని రాస్తే రెండూ కలిసిపోవు. నాలుగో వాక్యంలోని "పైపైన బుర్రకెక్కడం" కూడా వివరణ కిందికే వస్తుంది, ఎందుకంటే దాన్ని నేరుగా ఎవరూ కొలవలేదు.

ఇమ్రాన్

మేడమ్ చెప్పినదానికి పత్రంలోనే ఆధారం ఉంది. రెండో అధ్యయనాన్ని యూసీఎల్ఏ అనే అమెరికా విశ్వవిద్యాలయంలో 151 మందితో చేశారు. అందులో ల్యాప్‌టాప్ వాళ్లలో కొందరికి ముందే చెప్పారు: విన్నది విన్నట్టు టైప్ చేయొద్దు, మీ మాటల్లో రాసుకోండి అని. అయినా వాళ్లు పెద్దగా మారలేదు, మార్కులూ పెరగలేదు. అంటే ఎక్కించే అలవాటును తగ్గించి చూసి, మార్కులు పెరిగాయా లేదా అని పరీక్షించే అవకాశమే రాలేదు. అలా వచ్చి ఉంటే ఆరో వాక్యం గట్టిపడేది. ఈ ప్రయత్నం సంగతి అబ్‌స్ట్రాక్ట్‌లో లేదు.

2021లో అదే పత్రికలో, వేరే బృందం మొదటి అధ్యయనాన్ని 140 మందికి పైగా విద్యార్థులతో మళ్లీ చేసి చూసింది. ల్యాప్‌టాప్ వాళ్లు ఎక్కువ మాటలు రాశారు, ఉన్నదున్నట్టు ఎక్కువగా ఎక్కించారు. అక్కడి వరకు 2014లో వచ్చినట్టే వచ్చింది. పరీక్షలో మాత్రం చేతిరాత వాళ్లు వాళ్లను దాటిపోలేదు. ఎక్కించడంలో తేడా అలాగే ఉన్నా మార్కుల్లో తేడా రాలేదంటే, ఆ రెండిటినీ ముడిపెట్టిన ఆరో వాక్యం దగ్గరే అనుమానం మొదలవుతుంది.

రమణమూర్తి

అయితే కలం గొప్పది కాదంటారా? మా అబ్బాయికి లింకు పంపేశాను కూడా.

ఇమ్రాన్

గొప్పది కాదని రుజువు కాలేదండీ, గొప్పదని ఖాయమూ కాలేదు. పంపితే పంపారు, 2021 నాటిది కూడా పంపండి. రెండూ పక్కపక్కన చదివితే అబ్బాయికి ఉపయోగం.

ఫణి

ఇప్పుడు నాకో అనుమానం వస్తోంది. శీర్షికలు ఉన్నంత మాత్రాన మాకు పని తేలికైపోలేదేమో. మా వాటిలో "ముగింపు" అనే శీర్షిక కింద ఉన్నదాన్ని నేను ఎప్పుడూ ఫలితం గడిలోకే దించేస్తాను. ముగింపు అంటే ఈ ఆరో వాక్యం లాంటిదేనా?

పద్మజ

చాలాసార్లు అంతే ఫణీ. ఫలితాలు అనే శీర్షిక కింద అంకెలుంటాయి, ముగింపు కింద ఆ అంకెల మీద రచయితల తీర్పు ఉంటుంది. ఫలితం గడికి ఎప్పుడూ మొదటిదే తీసుకో. పరిమితికి ప్రత్యేకంగా శీర్షిక పెట్టే పత్రికలు తక్కువే. ఆనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్ అబ్‌స్ట్రాక్ట్‌లు దొరికితే కొన్ని చదువు, అక్కడ పరిమితి అని విడిగా ఒక శీర్షిక ఉంటుంది. రచయితలే తమ పరిమితిని ఒక్క వాక్యంలో ఎలా చెప్పుకుంటారో తెలుస్తుంది.

స్రవంతి

మేడమ్, ఇమ్రాన్ గారూ, మీరిద్దరూ చెప్పింది చదివాక పరిమితి గడి మీద ఇంకా అయోమయం పెరిగింది. 67 మంది అని, మామూలు ప్రశ్నల్లో తేడా లేదని, 2021లో మళ్లీ రాలేదని ఇప్పుడు నాకు తెలుసు. అవి రాసేయొచ్చా? మాకు అబ్‌స్ట్రాక్ట్ మాత్రమే చదవమన్నారు కదా.

ఇమ్రాన్

నా ఉద్దేశంలో రాయాలి. పరిమితి అంటే ఆ పరిశోధనకు ఉన్న పరిమితి. అది అబ్‌స్ట్రాక్ట్‌లో ఉందా లేదా అన్నదానితో పనిలేదు. తెలిసీ రాయకపోతే చదివేవాళ్లను తప్పుదారి పట్టించినట్టు.

పద్మజ

ఇక్కడ నేను ఇమ్రాన్‌తో ఏకీభవించను. అసైన్‌మెంట్ పెట్టింది అబ్‌స్ట్రాక్ట్ నుంచి ఏం రాబట్టగలవో చూడడానికి. బయటి సంగతులు తెచ్చి ఆ గడిలో పోస్తే, ఏది నువ్వు చదివి పట్టుకున్నావో, ఏది ఎవరో చెప్తే విన్నావో తెలియదు. రేపు కొత్త పత్రం ఇస్తే పక్కన ఇమ్రాన్ ఉండడు. పైగా 2021లో జరిగినది 2014 పత్రం పరిమితి అవ్వదు, ఆ ఫలితం గురించి తర్వాత తెలిసిన సంగతి అవుతుంది.

నేను మా వాళ్లకు చెప్పేది ఇది. పరిమితి గడిలో మొదటి వాక్యం: "రచయితలు అబ్‌స్ట్రాక్ట్‌లో పరిమితి ఏదీ చెప్పలేదు." ఇది ఖాళీ వదిలేయడం కాదు, నువ్వు వెతికి చూశావని చెప్పడం. ఆ కింద "నేను గమనించినది" అని రాసి, వాక్యాల్లోంచే తేలే హద్దులు ఒకటి రెండు రాయాలి. ఇందాక కాగితం మీద రాసుకోమన్న మూడూ ఇప్పుడు తియ్యి. ఎంతమందో చెప్పలేదు కాబట్టి ఫలితం మీద ఎంత నమ్మకం పెట్టుకోవాలో అబ్‌స్ట్రాక్ట్ చదివి చెప్పలేం. తేడా ఎంతో కూడా చెప్పలేదు, "వెనకబడ్డారు" అన్నారంతే. అది ఒక మార్కా, పది మార్కులా? ఇవి నీ సొంత పరిశీలనలు, పత్రం తెరవకుండానే చేయగలిగినవి.

ఒక్క జాగ్రత్త. "సంఖ్య చెప్పలేదు" అనడం వేరు, "సంఖ్య తక్కువ" అనడం వేరు. కిరణ్ రాయమన్న "శాంపిల్ సైజు చిన్నది" అన్న మాట నువ్వు ఇక్కడ రాస్తే, అబ్‌స్ట్రాక్ట్‌లో లేని విషయాన్ని ఉన్నట్టు చెప్పినట్టే. దిద్దేవాళ్లు ఎక్కడుందో చూపించమంటే ఏం చూపిస్తావు?

కిరణ్

మా బ్యాచ్‌లో ముప్పావు మంది అదే రాశాం మేడమ్, ఎవరూ అడగలేదు. కానీ మీరన్నది నిజమే, అది ఏ పత్రానికైనా అతుకుతుందంటే ఈ పత్రం గురించి ఏమీ చెప్పనట్టే. నాకో సందేహం. పాల్గొన్నది విద్యార్థులే కదా, "విద్యార్థులకే వర్తిస్తుంది, అందరికీ కాదు" అని రాయడం సరైన పరిమితేనా?

పద్మజ

లక్ష్యం ఎవరి గురించో చూడు. క్లాసు నోట్సు గురించి అడుగుతున్నప్పుడు విద్యార్థుల మీద చేయడం లోపం కాదు, వాళ్ల మీదే చెయ్యాలి. ఇదే పరిశోధన ఆఫీసు మీటింగుల్లో నోట్సు గురించి అయి ఉంటే, విద్యార్థుల మీద మాత్రమే చేయడం పరిమితి అయ్యేది. లక్ష్యానికీ పద్ధతికీ మధ్య దూరం ఎక్కడుందో అక్కడ పరిమితి ఉంటుంది. అందుకే లక్ష్యం గడి సరిగా నింపకపోతే పరిమితి గడి ఎప్పటికీ సరిగా రాదు.

ఇమ్రాన్

మేడమ్, 2021 సంగతి పరిమితి గడిలో పెట్టకూడదన్నది ఒప్పుకుంటాను. కానీ పేజీ కింద విడిగా ఒక గమనికైనా ఉండాలి. ఇంత పేరున్న పత్రం గురించి రాస్తూ తర్వాత జరిగింది అసలే చెప్పకపోవడం నాకు నచ్చదు.

పద్మజ

విడిగా రాస్తే నాకూ అభ్యంతరం లేదు. ఒప్పుకోవాలా వద్దా అన్నది వాళ్ల లెక్చరర్ ఇష్టం. స్రవంతి ఒక మాట అడిగి చూడొచ్చు.

స్రవంతి

మళ్లీ రాశాను, చూసి చెప్పండి.

లక్ష్యం: ల్యాప్‌టాప్‌ను నోట్సు కోసమే వాడినా, చేత్తో రాసుకోవడంతో పోలిస్తే నేర్చుకోవడం తగ్గుతుందా, తగ్గితే ఎందుకు అని తెలుసుకోవడం.

పద్ధతి: మూడు అధ్యయనాలు. విద్యార్థుల్లో కొందరు ఉపన్యాసం వింటూ ల్యాప్‌టాప్‌లో, కొందరు చేత్తో నోట్సు రాసుకున్నారు. తర్వాత ప్రశ్నలడిగి రెండు గుంపులనూ పోల్చారు.

ఫలితం: భావనలకు సంబంధించిన ప్రశ్నల్లో ల్యాప్‌టాప్ గుంపు చేతిరాత గుంపు కంటే వెనకబడింది. రచయితల వివరణ: ఉపన్యాసాన్ని ఉన్నదున్నట్టు ఎక్కించడం వల్ల విషయం లోతుగా బుర్రకెక్కలేదు, అందువల్ల మార్కులు తగ్గాయి.

పరిమితి: రచయితలు అబ్‌స్ట్రాక్ట్‌లో ఏ పరిమితీ చెప్పలేదు. నేను గమనించినది: ఎంతమంది పాల్గొన్నారో, తేడా ఎంతో చెప్పలేదు. భావనల ప్రశ్నల గురించి మాత్రమే చెప్పారు, మిగతా రకం ప్రశ్నల్లో ఏమైందో తెలియదు.

పద్మజ

బాగుంది. ఒక్కచోట సరిచెయ్యి. వివరణలో "అందువల్ల మార్కులు తగ్గాయి" అని నీ మాటగా రాశావు. "తగ్గాయని రచయితలు అంటున్నారు" అని మార్చు, అప్పుడు అది ఎవరి మాటో తెలుస్తుంది. చివరి వాక్యం నాకు బాగా నచ్చింది, ఇమ్రాన్ పత్రం తెరిచి చెప్పిన సంగతిని నువ్వు ఆరు వాక్యాల్లోంచే పట్టుకున్నావు.

మౌనిక

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నేను ఎమ్మెస్సీ మ్యాథ్స్. మాకూ ఇలాంటి నాలుగు గడుల అసైన్‌మెంటే ఇచ్చారు. మా పత్రాల అబ్‌స్ట్రాక్ట్ రెండే వాక్యాలు. ఫలానా షరతులుంటే ఫలానా సిద్ధాంతం నిజమని నిరూపించాం అని ఉంటుంది. అందులో పాల్గొన్నవాళ్లు లేరు, కొలతలు లేవు. పద్ధతి అంటే ఏం రాయాలి? పరిమితి అంటే ఏం రాయాలి?

ఇమ్రాన్

నాకు గణితం అంతగా తెలియదు. "ఫలానా షరతులుంటే" అన్న ముక్కే పరిమితి అనిపిస్తోంది. ఆ షరతులు లేని చోట సిద్ధాంతం ఏమవుతుందో వాళ్లు చెప్పట్లేదు కదా.

మౌనిక

అక్కడే చిక్కు. కొన్నిసార్లు ఆ షరతు తీసేస్తే సిద్ధాంతం తప్పయిపోతుంది. అప్పుడు అది పరిశోధన పరిమితి కాదు, సిద్ధాంతంలో భాగమే. కొన్నిసార్లు షరతు లేకుండా కూడా నిజమే కావచ్చు, వాళ్లకు నిరూపణ దొరకలేదంతే. అది మాత్రం నిజంగా పరిమితి. అబ్‌స్ట్రాక్ట్ చదివితే ఏది ఏదో తెలియట్లేదు.

పద్మజ

మౌనిక గారూ, నిరూపణకు ఏ సాధనం వాడారో ఒక మాట ఉంటే దాన్ని పద్ధతి గడిలో పెట్టండి. పరిమితి దగ్గర మీరన్న తేడా నాకు కొత్త, దాని మీద నేను ఖచ్చితంగా చెప్పలేను. ప్రస్తుతానికి షరతును రాసి, "ఇది తప్పనిసరా కాదా అన్నది అబ్‌స్ట్రాక్ట్ చెప్పలేదు" అని పక్కన పెట్టండి. గణితం చెప్పేవాళ్లు ఎవరైనా ఉంటే ఇక్కడ రాయగలరు.